పాప, పాత, పాట, పాక: స్పెక్ట్రోగ్రామ్ చదివే ప్రాజెక్టు డైరీ

1వ రోజు: మాటల ఎంపిక, రికార్డింగ్

పని ఇది. తెలుగు మాటను వినకుండా, కాలాన్ని అడ్డంగా, పౌనఃపున్యాన్ని నిలువుగా, ధ్వని బలాన్ని నలుపుగా చూపే స్పెక్ట్రోగ్రామ్ బొమ్మ మాత్రమే చూసి, అది ఏ మాటో చెప్పాలి. అచ్చులకు ఫార్మెంట్లు, అంటే నోటి దారి మోగే పౌనఃపున్యాలు, స్పర్శాలకు మూత విడుదలైనప్పుడు పడే పేలుడు గీత, ఊష్మాలకు ఊపిరి రాపిడి: ఈ మూడింటినీ గుర్తుపట్టడం వస్తే పని చాలావరకు అయినట్టే.

మాటలు ఏరుకోవడంలోనే సగం కష్టం తీరిపోతుంది. వీలైనంతవరకు ఒక్క ధ్వని మాత్రమే మారే మాటలు కావాలి. అచ్చులకు పీట, పేట, పాట, పోటు, పూట తీసుకున్నాం. స్పర్శాలకు పాప, పాత, పాట, పాక. ఊష్మాలకు బాస, ఆశ, భాష, ఊహ. చివర్లో చాప, చీమ. మాటను విడిగా పలికిస్తే మొదటి హల్లుకు ముందు పెదవులు ఎప్పుడు మూసుకున్నాయో తెలియదు, ఎందుకంటే అంతకుముందూ నిశ్శబ్దమే. అందుకని ప్రతి మాటనూ ఒక వాక్యంలో పెట్టాలి. మొదట ‘నేను పాట అన్నాను’ అని పెడితే సంధి జరిగి ‘పాటన్నాను’ అయిపోయింది, చివరి అచ్చు ఎక్కడ ముగిసిందో చెప్పలేకపోయాం. తరవాత ‘మళ్ళీ పాట చెప్పు’ అని మార్చాం. ముందు దీర్ఘాచ్చు, వెనక హల్లు ఉండటంతో మాట అంచులు తేటగా వచ్చాయి.

మగ గొంతు ఒకటి, ఆడ గొంతు ఒకటి. ఒక్కో మాట మూడేసి సార్లు. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు. ఎదురుగా పెడితే ‘ప’ పలికినప్పుడు వచ్చే గాలి మైకుకు తగిలి, బొమ్మలో అడుగున నల్లటి మచ్చ పడుతుంది. వేవ్ ఫైలు, మోనో, సెకనుకు 44,100 నమూనాలు. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఉన్న గదిలో చేయకూడదు. లెవెల్ ఎక్కువ పెట్టి తరంగం తల నరికేసినట్టు అయితే, ఆ చోట పైనుంచి కిందికి నిలువు గీతలు పడతాయి. అవి అచ్చం పేలుడు గీతల్లాగే ఉంటాయి కాబట్టి అలాంటి రికార్డింగును బాగుచేయాలని చూడకుండా తీసేసి మళ్ళీ పలికించాలి.

బొమ్మ గీయడానికి ప్రాట్ వాడాం. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. మొదలుపెట్టిన సెట్టింగులు:

```
View range (Hz):     0.0 - 5000.0
Window length (s):   0.005
Dynamic range (dB):  70.0
```

వీటిలో `Window length` సంగతి ముందే తెలుసుకోవాలి. 0.005 సెకన్ల కిటికీ అంటే సుమారు 260 హెర్ట్జ్ వెడల్పున్న వడపోత. కాలంలో పదునుగా, పౌనఃపున్యంలో మందంగా కనిపిస్తుంది. స్వరతంత్రులు మూసుకున్న ప్రతిసారీ ఒక నిలువు చార పడుతుంది, ఫార్మెంట్లు మందపాటి పట్టీలుగా వస్తాయి. అదే 0.03 పెడితే వడపోత 43 హెర్ట్జ్‌కు సన్నబడుతుంది. అప్పుడు ఫార్మెంట్లకు బదులు గొంతు హార్మోనిక్‌లు, అంటే గొంతు పౌనఃపున్యానికి గుణిజాలు, అడ్డగీతలుగా వస్తాయి, పేలుడు గీత అటూ ఇటూ పులిమినట్టు అయిపోతుంది. మనకు కావలసింది మొదటిదే.

2వ రోజు: అచ్చులు

గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న దారి, పెద్ద మగవాళ్ళలో, దాదాపు 17.5 సెంటీమీటర్ల గొట్టం. ఒక వైపు మూసి ఉన్న గొట్టం కాబట్టి అది 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. నాలుక, పెదవులు కదిలి గొట్టం ఆకారం మారినప్పుడు ఈ మూడూ పైకీ కిందికీ జరుగుతాయి. అవే F1, F2, F3. నోరు ఎంత తెరిస్తే F1 అంత పైకి పోతుంది. నాలుక ఎంత ముందుకు వస్తే F2 అంత పైకి. పెదవులు గుండ్రంగా ముడిస్తే అన్నీ కిందికి దిగుతాయి.

మగ గొంతులో, అచ్చు నడిమధ్యన, సుమారుగా వచ్చిన విలువలు ఇవి. పీట: F1 300, F2 2200. పాట: F1 700, F2 1250. పూట: F1 330, F2 800. పోటు: F1 450, F2 900. అంకెలు గుర్తుపెట్టుకోవడం కంటే ఆకారం గుర్తుపెట్టుకోవడం మేలు. ‘ఈ’లో అడుగున ఒక పట్టీ, ఆ పైన పెద్ద ఖాళీ, మళ్ళీ 2000 పైన F2, F3 దగ్గరదగ్గరగా. ‘ఆ’లో F1, F2 రెండూ 1000కి అటూ ఇటూ జంటగా నిలబడతాయి. ‘ఊ’లో నలుపంతా 1000 కిందే, పైన మసక.

పేట విషయంలో ఒక మాట. ‘పేరు’ అన్నప్పటి ఏకారం, ‘పేట’ అన్నప్పటి ఏకారం రాతలో ఒకటే. బొమ్మలో ఒకటి కాదు. తరవాతి అక్షరంలో అకారం ఉంటే ఏకారం కొంచెం నోరు తెరిచి పలుకుతాం, F1 పైకి జరుగుతుంది. మా ‘పేట’లో F1 దాదాపు 550, పోల్చడానికి పలికించిన ‘పేరు’లో 450 చుట్టూ వచ్చింది. రెండింటినీ ఒకే గుంపులో వేసి సగటు తీస్తే ఏ ఒక్కదానికీ చెందని అంకె వస్తుంది.

ఈ రోజు దొరికిన పెద్ద తప్పు ‘పూట’లో. ప్రాట్ తనంతట తాను వేసే ఎర్ర చుక్కలను నమ్మి విలువ అడిగితే F2 2300 అని చెప్పింది. ఆ అంకె ప్రకారం అది ‘పీట’. కారణం వెతికితే, మామూలుగా ఉండే గరిష్ఠ హద్దు 5500 హెర్ట్జ్, అది ఆడ గొంతుకు సరిపోయేది. ఆ హద్దు లోపల ఐదు ఫార్మెంట్లు వెతకమంటాం. మగ గొంతులో 5500 లోపల ఐదు కంటే ఎక్కువే ఇమిడిపోవచ్చు. పైన వాటికి చోటు ఇవ్వడానికి, ‘ఊ’లో పక్కపక్కనే ఉన్న F1, F2లను ఒకటిగా కలిపేసింది. దాంతో F3 కాస్తా F2 పేరుతో బయటికొచ్చింది. హద్దును 5000కి దించితే సరిపోయింది. మూడు పలుకుల్లో ఒకదానికి 4500 దాకా దించాల్సి వచ్చింది.

```
To Formant (burg): 0, 5, 5000, 0.025, 50
f1 = Get value at time: 1, 0.412, "hertz", "linear"
f2 = Get value at time: 2, 0.412, "hertz", "linear"
writeInfoLine: round (f1), " ", round (f2)
```

ఇందులో 0.412 అనేది అచ్చు నడుమ మనం కర్సరు పెట్టిన సెకను. మార్చాల్సింది దాన్నీ, 5000నీ. తప్పు పట్టుకోవడానికి ఒక తేలిక దారి ఉంది: చుక్కలు నల్లపట్టీ మీద పడ్డాయా, ఖాళీలో పడ్డాయా చూడాలి. ‘పూట’లో 800 దగ్గర నల్లటి పట్టీ ఉంది, దాని మీద చుక్కే లేదు. అది చాలు అంకెను పక్కన పెట్టడానికి.

ఆడ గొంతుతో చిక్కు వేరు. ఆమె గొంతు 220 హెర్ట్జ్ చుట్టూ ఉంది, అంటే హార్మోనిక్‌లు 220, 440, 660 దగ్గర. ఈ ఎడానికి 260 హెర్ట్జ్ వడపోత వెడల్పు సరిగ్గా చాలదు, నిలువు చారలూ అడ్డగీతలూ కలగాపులగంగా వచ్చాయి. కిటికీని 0.003కి తగ్గిస్తే పట్టీలు తేరుకున్నాయి. అయినా ఆమె ‘ఈ’లో F1 నిజంగా 350 అనుకుంటే, ఆ చోట ధ్వనే లేదు, ఉన్నది 220 దగ్గర, 440 దగ్గర. కాబట్టి ప్రాట్ ఇచ్చే విలువ ఆ రెండింట్లో ఒకదాని వైపు లాగేస్తుంది. ఎత్తు గొంతుల F1ను పదుల హెర్ట్జ్ దాకా పట్టి పట్టి చెప్పడంలో అర్థం లేదు.

3వ రోజు: స్పర్శాలు

స్పర్శం అంటే మూడు భాగాలు: మూత, విడుదల, ఆ తరవాత అచ్చు అందుకునే దాకా చిన్న ఎడం. పరుషాల్లో, అంటే క ట త పల్లో, మూత తెల్లటి ఖాళీగా కనిపిస్తుంది. మా పలుకుల్లో అది 80 నుంచి 110 మిల్లీసెకన్లు. సరళాల్లో, ఉదాహరణకు ‘బాట’లోని ‘బ’లో, మూత సాగుతున్నంత సేపూ అడుగున 200 హెర్ట్జ్ చుట్టూ సన్నటి నాదపట్టీ ఉంటుంది, ఎందుకంటే పెదవులు మూసుకున్నా స్వరతంత్రులు ఆడుతూనే ఉంటాయి. ఫ్యాను ఆపడం మరిచిపోయిన ఒక రికార్డింగులో ‘పాట’ కూడా ‘బాట’లా కనిపించింది. తేడా ఇలా పట్టాలి: ఫ్యాను మోత మాటలు లేని చోట కూడా ఒకే మోతాదులో సాగుతుంది, నాదపట్టీ మూతతోపాటు మొదలై విడుదలతో అచ్చులో కలిసిపోతుంది, దగ్గరగా చూస్తే అందులో నిలువు చారలు ఉంటాయి.

అసలు పరీక్ష పాప, పాత, పాట, పాక. నాలుగింట్లోనూ మూత ఒకలాగే తెల్లగా ఉంటుంది. తెల్లటి ఖాళీలో ఏ సమాచారమూ లేదు. ఏ హల్లో చెప్పేది దాని ముందూ వెనకా ఉన్న 40, 50 మిల్లీసెకన్లు. అక్కడ అచ్చు ఫార్మెంట్లు ఒక దిక్కుకు వంగుతాయి.

పాప: పెదవులు మూసుకుంటూ ఉండగా అన్ని ఫార్మెంట్లూ కిందికి వంగుతాయి. విడుదల గీత బలహీనం, ఎక్కువగా అడుగునే. ఒక్కోసారి కనబడనే కనబడదు.

పాత: F2 కొంచెం పైకి లేస్తుంది, 1400 వైపు. F3 దాదాపు 2500 దగ్గర అలాగే నిలబడుతుంది. విడుదల గీత పై పౌనఃపున్యాల దాకా పలచగా పరుచుకుంటుంది.

తడబాటు వచ్చేది పాట, పాక దగ్గర. రెండింట్లోనూ F2 పైకి, F3 కిందికి వచ్చి ఒకదాన్నొకటి చేరుకుంటాయి. ‘క’ లాంటి కంఠ్యాలకు ‘F2, F3 చిటికెలా కలుస్తాయి’ అని ఒక్క గుర్తు మాత్రమే పట్టుకుని చదివితే ప్రతి ‘పాట’నూ ‘పాక’ అని చదవాల్సి వస్తుంది. మా మొదటి చదువులో ఆరు ‘పాట’ పలుకుల్లో నాలుగు అలాగే పోయాయి.

వేరుచేసేవి మూడు సంగతులు దొరికాయి. ఒకటి, ఎవరు ఎక్కువ కదిలారన్నది. ‘పాక’లో F2 చాలా పైకి వస్తుంది, F3 దానికి ఎదురొస్తుంది, కలయిక మధ్యలో ఎక్కడో. ‘పాట’లో F3 బాగా దిగుతుంది, మగ గొంతులో 2000 కిందికి కూడా, F2 కదలిక తక్కువ. నాలుక కొన వెనక్కి మడిచినప్పుడు దాని ముందు ఏర్పడే చిన్న గది ఈ F3ని కిందికి లాగుతుంది.

రెండు, ముందూ వెనకా పోల్చడం. నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే. ‘పాక’లో మూతకు ముందు ఎలా చిటికె కలిసిందో, విడుదల తరవాత అలాగే విప్పుకుంటుంది, అద్దంలో బొమ్మలా ఉంటుంది. ‘పాట’లో అలా కాదు. మూత వేసేటప్పుడు నాలుక కొన వెనక్కి మడిచి ఉంటుంది, కానీ మూత సాగుతుండగానే అది అంగుడి వెంట ముందుకు జారి, దంతమూలం దగ్గరలో విడుదలవుతుంది. కాబట్టి ముందున్న ‘ఆ’ చివర F3 బాగా వంగి, తరవాతి ‘అ’ మొదట్లో దాదాపు తిన్నగా ఉంటుంది. ‘ట’ లాంటి మూర్ధన్యాన్ని దాని ముందున్న అచ్చులో వెతకాలి. మాట మొదట్లో వచ్చే ‘ట’, ‘త’ల మధ్య తేడా బొమ్మలో పట్టడం కష్టం కావడానికీ ఇదే కారణం, ముందు అచ్చు లేకపోతే బలమైన సాక్ష్యం పోయినట్టే. మా వాక్యంలో ‘మళ్ళీ’ దీర్ఘం ఆ సాయం చేస్తుంది.

మూడు, విడుదల. ‘పాట’లో ఒక్క గీత, వెంటనే అచ్చు, ఎడం పది మిల్లీసెకన్లు కూడా లేదు. ‘పాక’లో ఎడం 25, 30 దాకా ఉంటుంది, గీత తరచు రెండుగా చీలి ఉంటుంది. నాలుక వెనక భాగం వెడల్పు కాబట్టి ఒక్క ఊపున విడిపోదు. ఆ గీత నలుపు కూడా పైనుంచి కింది దాకా పరుచుకోకుండా F2, F3 కలిసిన చోట ముద్దగా ఉంటుంది. ఎడం కొలవడానికి బొమ్మ కంటే పైన ఉన్న తరంగమే మంచిది. అర సెకను కంటే తక్కువ కనపడేలా దగ్గరికి తెచ్చి, గీత మొదటి కదలిక నుంచి నాదం మొదటి ఆవర్తనం దాకా గుర్తించాలి.

ఈ మూడూ చూసి మళ్ళీ చదివితే ఆరింట్లో ఆరూ సరిపోయాయి. అయితే అవి అంతకుముందే చూసిన బొమ్మలు, కాబట్టి దీన్ని పరీక్షగా లెక్కవేయలేదు.

4వ రోజు: ఊష్మాలు

మొదటి పొరపాటు వెంటనే తెలిసింది. 5000 హెర్ట్జ్ దాకా మాత్రమే చూపించే బొమ్మలో ‘బాస’లోని ‘స’ పైఅంచున చిన్న మసకలా ఉంది. దాని బలమంతా 4000 పైనే, చాలావరకు మన బొమ్మకు ఆవల. `View range`ను 10000కి పెంచితే నల్లటి మేఘం బయటపడింది. అచ్చుల పనికి 5000, ఊష్మాల పనికి 10000, ఈ రెండింటి మధ్య మారుస్తూ ఉండాలి. ఒకదానితోనే సరిపెడితే అచ్చులు నలిగిపోతాయి, లేదా ఊష్మాలు తెగిపోతాయి.

చదవాల్సింది మేఘం కింది అంచు. ‘బాస’లో అంచు 4000 దగ్గర, దాని కింద తెల్లగా. ‘ఆశ’లో 2700 ప్రాంతం, ముందున్న ‘ఆ’ చివర F2 పైకి లేస్తుంది. ‘భాష’లో 2200 దాకా దిగి, పక్క అచ్చు F3తో అతుక్కున్నట్టు కనిపిస్తుంది, ముందు అచ్చులో F3 వంపు ‘పాట’ను గుర్తుచేస్తుంది. అయితే శ, షలను తేడా లేకుండా పలికేవాళ్ళు చాలామంది. మా ఆడ గొంతు రికార్డింగులో రెండు మాటలకూ ఒకే అంచు వచ్చింది. బొమ్మకు రాత తెలియదు, నోరు చేసిందే చూపిస్తుంది. ‘భ’ సంగతీ అంతే. మా రెండు గొంతుల్లోనూ అది మామూలు ‘బ’గానే వచ్చింది.

‘ఊహ’లో హకారం కోసం మేఘం వెతికితే దొరకదు. రెండు అచ్చుల మధ్య అది చాలాసార్లు నాదంతోనే పలుకుతుంది. ఊకారం ఫార్మెంట్లు ఆగకుండా సాగుతూ, మధ్యలో ఒక 60 మిల్లీసెకన్లు మసకబారి, నిలువు చారలు పలచబడి, మళ్ళీ ముదురుతాయి. హకారానికి సొంత ఆకారం లేదు, పక్క అచ్చు ఆకారాన్నే ఊపిరితో నింపుతుంది.

పోల్చి చూడటానికి అదే ‘బాస’ను ఫోన్ కాల్ మీద రికార్డు చేశాం. పాత పద్ధతి ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే దాటనిస్తుంది కాబట్టి ‘స’ ఉండాల్సిన చోట దాదాపు ఖాళీ మిగిలింది, పరుషం మూతలా. ఇలాంటి ఫైలును గుర్తుపట్టడం తేలిక: మొత్తం రికార్డింగు పొడవునా ఒకే ఎత్తులో గీత గీసి కోసినట్టు నలుపు ఆగిపోతుంది. నోటి ధ్వనుల అంచు ధ్వని ధ్వనికీ మారుతుంది, యంత్రం అంచు మారదు.

చాప, చీమల్లో మన చకారాలు రెండూ కంటికి కనిపిస్తాయి. పాత రాతలో ‘ౘాప’ అని వేరే గుర్తుతో రాసిన దంత్య చకారం రాపిడి ‘స’లా 4000 పైన ఉంటుంది, ‘చీమ’లోని తాలవ్య చకారం రాపిడి ‘శ’లా 2700 నుంచే మొదలవుతుంది. రెండింటికీ ముందు తెల్లటి మూత, నిలువు గీత, ఆ వెంటనే రాపిడి.

5వ రోజు: వినకుండా చదవడం

పాత మాటలతోపాటు అంతవరకు చూడని మాటలు నాలుగు పలికించి, ఫైలు పేర్లు మార్చి, శబ్దం ఆపి, బొమ్మలు మాత్రమే చదివాం. కొత్త మాటల్లో ఒకటి పూర్తిగా రాస్తున్నాను, మగ గొంతు.

‘మళ్ళీ’ ఈకారం తరవాత 60 మిల్లీసెకన్ల తెలుపు, నాదపట్టీ లేదు: పరుషం. ఒక్కసారిగా నిలువు గీత, దానికి అంటుకుని 50 మిల్లీసెకన్ల రాపిడి, కింది అంచు 4000. ఇక్కడ ఒకరు ‘స’ అని రాశారు, తెల్లటి మూతను వాక్యంలో విరామం అనుకుని. కానీ ‘స’ మేఘం మెల్లగా ముదురుతుంది, మా రికార్డింగుల్లో 110 పైనే సాగింది. నిలువు గీతతో మొదలై సగం నిడివిలో ముగిసేది దంత్య చకారం.

తరవాత అచ్చు: F1 450, F2 900, నిడివి 150. ఓకారం. చివరి 50 మిల్లీసెకన్లలో F3 2400 నుంచి 1900కి జారింది, F2 1200 దాకా లేచింది. F3ది పెద్ద కదలిక. తెల్లటి మూత 90. ఒక్క గీత, ఎడం 8. మూర్ధన్య పరుషం, టకారం.

ఆ తరవాత అచ్చు ఉండాలి, కనిపించలేదు. రెండు మసక చారలు, వెంటనే ‘చెప్పు’ చకారం మూత. టకారానికీ చకారానికీ మధ్య ఇరుక్కున్న చివరి హ్రస్వ ఉకారాన్ని దాదాపు మింగేశారు. ‘చోట్‌’ అని మాత్రమే రాయగలిగాం. ‘చోటు’ అన్నది భాష తెలిసి ఊహించిందే తప్ప బొమ్మలో చదివింది కాదు, అందుకని ఆ అక్షరాన్ని తప్పుగానే లెక్కవేశాం. జవాబు చోటు.

వాక్యం మార్చి, ‘మళ్ళీ చోటు రాయి’ అని పలికించాం. రకారం నాదంతో ఉంటుంది కాబట్టి ఉకారం బతికింది: 55 మిల్లీసెకన్లు, F1 370, F2 1100. అసలు ఉకారానికి F2 ఇంకా కిందే ఉండాలి. ఇంత చిన్న నిడివిలో అది టకారం దగ్గర నుంచి కిందికి దిగే లోపే అయిపోయింది. ఉకారంతో ముగిసే మాటలన్నీ ఇకనుంచి ఈ వాక్యంలోనే. ‘పోటు’ ఆరు పలుకులూ మళ్ళీ రికార్డు చేయాలి.